సేవ కిలోమీటర్లు

కారు తలుపు తీయగానే పరంజ్యోతి కొంగు ముక్కుకు పెట్టుకుంది. ముప్పై రెండేళ్లు సర్కారు దవాఖానాలో నర్సుగా చేసిన మనిషి ఆమె. చీము పట్టిన పుండ్లు కడిగింది, మంచాల కింది పళ్లేలు ఎత్తింది, ఏ వాసనకూ కొంగు ముక్కుకు పెట్టుకున్నది లేదు. అవి రోగుల వాసనలు. ఇది బాగున్న మనుషుల వాసన. వెనక సీటు జేబులో సగం నీళ్లున్న సీసా, ఆ నీళ్లలో ఎవరో గుట్కా ఉమ్మిన ఎరుపు. సీటు గుడ్డ మీద బజ్జీల నూనె అంటిన నాలుగు వేళ్ల గుర్తులు. ఆ నాలుగు వేళ్లనూ కాసేపు చూసి, సీసాను పాత పేపరులో చుట్టి చెత్తబుట్టలో వేసి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని మళ్లీ వచ్చింది.

ఆమె వచ్చిన పని వేరే. కారు ఇన్సూరెన్స్ గురువారంతో అయిపోతుంది. ఇవాళ సోమవారం. మేడ్చల్‌లో ఇన్సూరెన్స్ చేసే నాగసాయి పొద్దున్నే ఫోన్ చేసి మీటరు ఫోటో పంపమన్నాడు. ముందు సీట్లో కూర్చుని తాళం తిప్పింది. మీటరు మీద అంకె వెలిగింది. నలభై ఒక్క వేల ఎనిమిది వందల పన్నెండు.

ఎక్కడో తప్పు చదివానేమో అని కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. ఇంట్లోకి వెళ్లి నిరుటి పాలసీ కాగితం తెచ్చుకుంది. దాని మీద మొదటి రోజు మీటరు ముప్పై ఎనిమిది వేల నలభై. ఆ కింద, ఏడాదికి అనుమతి రెండు వేల ఐదు వందల కిలోమీటర్లు.

అంటే కారు ఈ ఏడాది మూడు వేల ఏడు వందల డెబ్బై రెండు తిరిగింది.

పరంజ్యోతి తిరిగేది ఎంతో పరంజ్యోతికి తెలుసు. తూంకుంటలోని తన ఇంటి నుంచి ఆదివారం శామీర్‌పేట చర్చికి, అక్కడి నుంచి తిరిగి ఇంటికి. నెలకొకసారి మేడ్చల్‌కు, బ్యాంకు పనికి, మందులకు. ఎప్పుడన్నా ఒక పెళ్లికి. ఎంత ఎక్కువలో ఎక్కువ లెక్కేసినా పదిహేను వందలు దాటదు. అరవై ఆరేళ్ల మనిషి, రిటైరైన ఏడాది పాతిక వేలు తిరిగిన సెకండ్‌హ్యాండ్ కారు కొని, డ్రైవింగ్ స్కూలులో పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య కూర్చుని నేర్చుకున్న మనిషి. హైవే ఎక్కడమంటే ఈనాటికీ ముందు రోజు నుంచే ఆలోచిస్తుంది.

నిరుడు ఈ పాలసీ ఎంచుకున్నది కూడా అందుకే. పదకొండేళ్ల కారుకు థర్డ్ పార్టీ ఒక్కటి చాలమ్మా, చట్టానికి సరిపోతుంది, అని చర్చిలో నలుగురూ అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. అది మన కారు తగిలి ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి. మన కారు నుజ్జయితే, దొంగలెత్తుకుపోతే, కాలిపోతే పైసా రాదు. మళ్లీ కారు కొనే శక్తి ఆమె పెన్షన్‌కు లేదు. నాగసాయి అప్పుడు కిలోమీటర్ల పద్ధతి చెప్పాడు. థర్డ్ పార్టీ భాగం సర్కారు పెట్టిన రేటు, కారు షెడ్డులో ఉన్నా ఊరంతా తిరిగినా ఒకటే, దాంట్లో తగ్గేది ఉండదు. సొంత కారు నష్టానికి కట్టే భాగం మాత్రం, తక్కువ తిరిగే బండికి తక్కువ. చెప్పిన కిలోమీటర్లు దాటబోయే ముందే ఇంకొన్ని కొనుక్కోవాలి. కొనకుండా దాటితే ఆ రోజు నుంచి సొంత కారుకు రక్షణ ఉండదు. అన్నీ అడిగి, రెండు సార్లు చదివి, సంతకం పెట్టింది. మిగిలింది వెయ్యి రూపాయల చిల్లర. ఆ వెయ్యి కన్నా, తిరగని తిరుగుడికి డబ్బు కట్టడం లేదన్నదే ఆమెకు తృప్తి.

ఇప్పుడు ఆ రోజు నాగసాయి అడిగిన మాట గుర్తొచ్చింది. మీరు ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు నడుపుతరు అని అడిగాడు. ఆమె పరీక్షలో జవాబు రాసినట్టు, తను నడిపేది ఎంతో అంతే చెప్పింది. కారు ఎంత తిరుగుతుంది అని అతను అడగలేదు, ఆమెకూ తోచలేదు. మీటరుకు మనుషులతో పనిలేదు. ఎవరు నడిపినా తిరుగుతుంది.

బుధవారాలు, ఒక్కోసారి శనివారాలు, కారు ఎలీషా దగ్గర ఉంటుంది; రెండో తాళం ఎప్పుడూ అతని దగ్గరే. ఎలీషా చర్చి సంఘ పెద్ద. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు ప్రార్థనకు పోవాలి, సేవకు బండి కావాలి సిస్టరమ్మా, అని రెండేళ్ల కింద అడిగితే కాదనలేకపోయింది. వారంలో ఆరు రోజులు నిలబడే కారు ఒక రోగి ఇంటికి పోయి వస్తే పుణ్యమే కదా అనుకుంది. ఊళ్లో ప్రార్థనకు ఎంత తిరుగుతాడు? పది, పదిహేను కిలోమీటర్లు.

కారు డాష్‌బోర్డు సొరుగు తెరిచింది. లోపల జూన్‌లో చేయించిన సర్వీసు బిల్లు ఉంది. ఆ రోజు ఆమెకు జ్వరం. ఎలీషాయే, మీరు లేవొద్దు, నేను తీస్కపోత అని తీసుకెళ్లాడు. బిల్లు మీద మీటరు నలభై వేల తొమ్మిది వందల పది. అంటే అప్పటికే రెండు వేల ఐదు వందల గీత దాటింది. జూన్ నుంచి ఈ సెప్టెంబరు దాకా, తను భద్రంగా ఉన్నానని అనుకుంటూ రక్షణ లేని కారు నడిపింది. ఏ మందు సీసా అయినా తేదీ చూడకుండా ముట్టని మనిషి, సొరుగులో ఉన్న బిల్లు మూడు నెలలు తెరిచి చూడలేదు. తన మీద తనకే రోత పుట్టింది.

బిల్లు కింద మడత పెట్టిన రంగుల కాగితాలు. బౌరంపేట్‌లో ప్లాట్లు, గజం ఇంత, బుధ, శనివారాలు ఉచిత సైట్ విజిట్. కింద ఎలీషా పేరు, ఫోన్ నంబరు.

గత బుధవారం కారు ముందు బంపరు మూల పగిలి, కుడి లైటు చిట్లి వచ్చింది. చిన్నగ తగిలింది సిస్టరమ్మా, ఇన్సూరెన్స్ ఉంది గదా, మీకు పైస ఖర్చుండదు అన్నాడు ఎలీషా. నాగసాయితో మాట్లాడిన, క్లెయిమ్ పేపర్లు తయారు జేస్తడు, మీరు సంతకం పెడితే సాలు అని కూడా అన్నాడు. మెకానిక్ పదకొండు వేలన్నాడు.

ఫోటో తీసింది కానీ పంపలేదు. అంకె పంపే ముందు నాగసాయి ముఖం చూడాలనుకుని, రేపు వస్తానని అతనికి ఫోన్ చేసింది. మంగళవారం పొద్దున కారు తీసింది. థర్డ్ పార్టీ రక్షణ ఇంకా ఉంది కాబట్టి రోడ్డెక్కడం నేరం కాదు. ఏదన్నా అయితే తన కారు తన ఖర్మ, అంతే. మేడ్చల్‌కు నేరుగా పోకుండా ముందు శామీర్‌పేట వైపు తిప్పింది. అక్కడ పక్షవాతంతో మూడేళ్లుగా మంచం మీదున్న ఒక ముసలమ్మ ఇల్లు ఉంది. ఎలీషా బుధవారం ప్రార్థనల పట్టికలో మొదటి పేరు ఆమెదే.

పలకరింపులయ్యాక, ఎలీషా గారు కారులో వస్తున్నారా అని మామూలుగా అడిగింది.

ముసలమ్మ ఎడమ చెయ్యి మాత్రమే కదిలించగలదు. ఆ చేత్తోనే దిండు సర్దుకుని, "కారా? ఏ కారు బిడ్డా? మొన్న ఈస్టరుకు రాంగ జూసిన ఆయినను. గది గూడ నడుసుకుంట. ఫోన్ల ప్రార్థన జేస్తడు, అదిగూడ పొయ్యి మీద కూర ఉన్నట్టు జల్దీ జల్దీ" అంది.

పరంజ్యోతి ఆమె కాళ్లు ఒకసారి వత్తి చూసి, పడకపుండ్లు లేవని నిర్ధారించుకుని, బయటికొచ్చింది. కారులో కూర్చున్నాక స్టీరింగ్ పట్టుకోబుద్ధి కాలేదు. ఎవరి చేతులు పట్టిన స్టీరింగ్ అది. పర్సులోంచి రుమాలు తీసి దాన్నంతా తుడిచి, అప్పుడు బండి కదిలించింది.

నాగసాయి దుకాణం మేడ్చల్‌లో, పొల్యూషన్ సర్టిఫికెట్లు ఇచ్చే డబ్బా పక్కన, ఒకే షట్టరు. లోపల ఒక బల్ల, ఒక కంప్యూటరు, మూడు ప్లాస్టిక్ కుర్చీలు. వాటిలో ఒక కుర్చీలో ఎలీషా కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఆమె వస్తుందని నాగసాయి చెప్పి పిలిపించాడని అర్థమైంది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో పెన్ను. లేచి, సిస్టరమ్మా వందనాలు అన్నాడు. ఆమె తలూపి, అతనికి దూరంగా ఉన్న కుర్చీ జరుపుకుని కూర్చుంది.

నాగసాయి ముందు తన వ్యాపారం మొదలుపెట్టాడు. ఈసారి కిలోమీటర్ల పరేషాన్ వద్దు మేడం, ఫుల్ పాలసీ తీసుకోండి, దాంట్లో ఇంజన్ రక్షణ, తాళం పోతే తాళం, టైరు పోతే టైరు అంటూ ఒక్కొక్కటీ చదివాడు. పన్నెండేళ్ల కారుకు ఆ తాళాలూ టైర్లూ ఎందుకని అడిగితే, మనశ్శాంతి మేడం అన్నాడు. ఎంత అని అడిగితే ఆ మొత్తం ఆమె నిరుడు కట్టినదానికి రెండింతలు. మనశ్శాంతి మరీ ఖరీదైందని ఆమె అంది. అతను నవ్వి, కంప్యూటరు వైపు తిరిగి, మరి క్లెయిమ్ సంగతి ముందు జూద్దాం అన్నాడు.

క్లెయిమ్ సంగతి ఆమె దారంతా ఆలోచించే వచ్చింది. గీత జూన్‌లోపే దాటింది, బంపరు పగిలింది పోయిన బుధవారం, కాబట్టి రాదు. అది ఆమె చెప్పింది. నాగసాయి ఎలీషా వైపు చూశాడు. ఎలీషా చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

తర్వాత ఇద్దరూ కలిసి చెప్పిందేమంటే, గుండ్లపోచంపల్లిలో ఒక మనిషి ఉన్నాడు, లాప్‌టాప్ తెచ్చి మీటరుకు తగిలిస్తే అరగంటలో అంకె మారిపోతుంది. నలభై వేల ఐదు వందల దగ్గర పెట్టిస్తే గీత కింద నలభై కిలోమీటర్లు మిగిలి ఉంటాయి. నష్టం చూసే కంపెనీ సర్వేయరు వచ్చి ఫోటో తీసుకుంటాడు, పాత పాలసీ మీద బంపరు వస్తుంది, కొత్త పాలసీ అదే అంకెతో మొదలవుతుంది, ఎక్కడా అతుకు కనిపించదు. ఆ మనిషికి ఇచ్చే పదిహేను వందలు ఎలీషా పెట్టుకుంటాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఎలీషా ఛాతీ కొంచెం ముందుకొచ్చింది, దానం ప్రకటించినట్టు.

"నాగసాయీ, జూన్‌ల సర్వీసు ఎక్కడైంది?" అంది పరంజ్యోతి.

"కంపెనీ షోరూంలనే గద మేడం."

"బంపరు మార్చేది?"

"ఆడనే."

ఆమె బిల్లు తీసి బల్ల మీద పెట్టింది. జూన్‌లో నలభై వేల తొమ్మిది వందల పది ఉన్న కారు, సెప్టెంబరులో నలభై వేల ఐదు వందలతో అదే షోరూం గేటులోకి పోతుంది. వాళ్ల కంప్యూటరు కళ్లు మూసుకుంటుందా? మూసుకోకపోతే క్లెయిమ్ పోతుంది, మోసమని పాలసీ పోతుంది, కాగితం మీద సంతకం ఎవరిది? ఆమె గొంతు పెంచలేదు. వార్డులో మందు మార్చి ఇచ్చిన కొత్త నర్సుకు చెప్పినట్టు చెప్పింది. ఇంకొకటి కూడా చెప్పింది. క్లెయిమ్ నిజంగానే వచ్చేదయినా ఆమె పెట్టదు. ఎనిమిదేళ్లుగా ఒక్క క్లెయిమూ లేదు, సొంత నష్టం భాగంలో సగానికి సగం తగ్గింపు అందుకే వస్తోంది. ఒక్క బంపరుకు ఆ సగం సున్నా అవుతుంది. మళ్లీ సగానికి రావాలంటే ఐదేళ్లు. అప్పటికి ఆమెకు డెబ్బై ఒకటి.

నాగసాయి బిల్లు తిప్పి చూసి, "గిది నాకు జెప్పలే అన్నా నువ్వు" అన్నాడు ఎలీషాతో.

ఎలీషా గొంతు తగ్గించాడు. ఈ కంపెనీలోళ్ల లెక్కలకు మనం భయపడొద్దన్నాడు. పాలసీ సిస్టరమ్మ నడుపుడు గురించి, ఆమె పదిహేను వందలే నడిపింది, అబద్ధమేమీ లేదు. "మిగిలినయి సేవ కిలోమీటర్లు. దేవుని పనికి తిరిగినయి ఎట్ల లెక్కబెడ్తరు, చెప్పుండ్రి?"

దుకాణం బయట లారీ ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది. పరంజ్యోతి సంచిలోంచి రంగుల కాగితం తీసి, అతని చాయ్ గ్లాసు పక్కన పెట్టింది. ఎలీషా దాని వంక చూసి, చూపు తిప్పేశాడు. అది వేరే సిస్టరమ్మా, దారిలో పోతూ పోతూ ఒకరిద్దరికి చూపించానంతే అన్నాడు.

సర్దిచెబుదామనుకున్నాడేమో, నాగసాయి మధ్యలో దూరాడు. "అవు మేడం, అన్నకు ప్లాట్ల వెంచరోళ్లు ట్రిప్పుకు వెయ్యే గద ఇచ్చేది. దాంట్ల డీజిల్ పోతే ఏం మిగుల్తది పాపం."

ఆమె కారు పెట్రోలుది. పెట్రోలు ఆమె పోయించేది. ఆదివారం ముల్లు సగానికి ఉంటే మరుసటి ఆదివారానికి అడుక్కు దిగేది, ఎండకు ఆవిరవుతుందేమో అని కూడా ఒకసారి అనుకుంది. గ్లాసు అంచున ఎలీషా పెదాల తడి మరక చూసి ఆమె ముఖం తిప్పుకుంది.

"ట్రిప్పుకు పైసలు తీస్కుంటే దాన్ని కిరాయి అంటరు గద నాగసాయీ? సొంత బండిని కిరాయికి తిప్పితే పాలసీల ఏం రాసుంటది?"

కిరాయికి తిప్పితే వర్తించదని అందులో రాసి ఉంది. ఆమె రెండుసార్లు చదివింది. బంపరు బదులు ఒక మనిషి కారు కింద పడి ఉంటే, ఆ కేసు ఎలీషా జేబుకు పోయేది కాదు. కారు పత్రం మీద ఉన్న పేరు పరంజ్యోతిది.

"తాళం ఇయ్యి ఎలీషా" అంది.

రెండేళ్లుగా అతన్ని మీరు అని తప్ప పిలవలేదు. అతనికి ఆ తేడా తగిలింది. ముఖంలో సాధుత్వం కరిగి, కింద ఉన్నది బయటికొచ్చింది. జేబులోంచి తాళం తీశాడు కానీ ఇవ్వకుండా వేళ్ల మధ్య తిప్పాడు.

"నిజం జెప్పాల్నంటే సిస్టరమ్మా, మేమంత గది సంఘం బండే అనుకున్నం. గీ వయసుల మీకు కారెందుకు? రేపో మాపో రాసిస్తరనే కమిటీల గూడ మాట్లాడినం. లోపల గుడ్డలు మార్పిద్దామని చందా గూడ అనుకున్నం."

అంటే తను బతికుండగానే తన వస్తువును పంచుకుని, దానికి ఏ రంగు గుడ్డ వేయాలో కూడా మాట్లాడుకున్నారు. ఆమెకు కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది. బల్లి పడ్డ పాలను చూసినప్పుడు కోపం రాదు, పారబోయాలనిపిస్తుంది.

చెయ్యి చాపలేదు. బల్ల మీద పెట్టమని చూపించింది. అతను పెట్టాడు. కాగితం ముక్కతో పట్టుకుని ఆ తాళాన్ని సంచి బయటి అరలో వేసుకుంది. మెకానిక్ రాసిచ్చిన పదకొండు వేల అంచనా కాగితం మాత్రం అతని ముందుకు జరిపింది. ఆదివారం లోపు కడితే సరి, లేదంటే ఈ కాగితమూ ప్లాట్ల కాగితమూ కలిపి కమిటీ ముందు పెడతానంది. ట్రిప్పుకు వెయ్యి సంగతి నాగసాయి సాక్ష్యం చెబుతాడని కూడా అంది. నాగసాయి ఉలిక్కిపడి కీబోర్డు మీద దుమ్ము దులపసాగాడు.

అప్పుడు ఆమె తన పని అడిగింది. నిరుటి పద్ధతే, రెండు వేల ఐదు వందల కిలోమీటర్లు, నిరుటి తగ్గింపు అలాగే ఉండాలి. తాళాలూ టైర్లూ వద్దు. దారిలో బండి ఆగితే లాక్కుపోయే సాయం ఒక్కటి కలపమంది, ఒంటరిగా నడిపేదానికి అదొక్కటే పనికొచ్చేది. ఇప్పుడు ఫోన్ తీసి ఫోటో పంపింది. నాగసాయి అంకె కొట్టాడు. ఆమె కుర్చీ జరుపుకుని తెర దగ్గరకొచ్చి, ఒక్కో అంకెనూ ఫోటోతో పోల్చి చూసింది. నాలుగు, ఒకటి, ఎనిమిది, ఒకటి, రెండు. పగిలిన బంపరు, చిట్లిన లైటు ముందునుంచే ఉన్నట్టు ఫోటోలతో సహా రాయమంది. అవసరమా మేడం అన్నాడు. అవసరమే అంది. పేరు, ఇంజన్ నంబరు, మొదలయ్యే తేదీ శుక్రవారం, అన్నీ చదివి, అప్పుడు డబ్బు కట్టింది. పాలసీ ఫోన్‌కు వచ్చేదాకా అక్కడే కూర్చుంది.

బయటికొచ్చేసరికి ఎండ మండుతోంది. ఆమె కారు తలుపు తీసి కూర్చుంటుండగా ఎలీషా వెనకే వచ్చాడు. ఆమె స్టార్ట్ చేసింది. అతను అలవాటు ప్రకారం ముందు తలుపు పిడి పట్టుకున్నాడు. శామీర్‌పేట పోవాలి, ఎట్లాగూ మీరు అటే గదా, అన్నట్టు వంగి అద్దంలోంచి చూశాడు. ఆ ముఖంలో సిగ్గు కోసం ఆమె వెతికింది. ఎండకు పట్టిన చెమట తప్ప ఏమీ లేదు.

లోపలి నుంచి మీట నొక్కింది. నాలుగు తలుపులూ ఒకేసారి బిగుసుకున్నాయి. అతను పిడి ఇంకోసారి లాగి చూశాడు.

పరంజ్యోతి అద్దం రెండు వేళ్ల సందు దించింది.

"బస్సు బస్టాండ్ల ఆగుతది" అని చెప్పి, అద్దం ఎత్తేసి, ఇండికేటరు వేసి, వెనక వచ్చే లారీ దాటిపోయేదాకా ఆగి, మెల్లగా రోడ్డెక్కింది.